అప్‌డేట్: ఆ ఆరు గంటలు

నా పాత ప్రశ్న: "లా స్టూడెంట్ల మూట్ కోర్టు పోటీలో డిఫెన్స్ తరఫు ముగింపు వాదన నాది. ఏడు పాయింట్లున్నాయి, ఏవి వదలాలి?"

ఆరు వదిలేశాను. నిన్న నల్గొండలో రౌండ్ అయింది. కేసులో నిందితుడు, మృతుడు కలిసి కల్లు కాంపౌండ్ దగ్గర కనిపించింది రాత్రి 9కి. శవం దొరికింది తెల్లవారుజామున 3కి. అందుకే ఒకటే మాట పట్టుకున్నా: "ఆ ఆరు గంటలు ఎవరూ చూడలేదు." మొదట్లోనే అన్నా. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి "తర్వాత ఎటు పోయిన్రో తెల్వదు" అన్నది చదివి మళ్లీ అన్నా.

"సాక్ష్య అధినియమ్ సెక్షన్ 109 ప్రకారం నిందితుడే చెప్పాలి కదా?" అని జడ్జి అడ్డుకున్నారు. గొంతెండిపోయింది. "ముందు ప్రాసిక్యూషన్ సాక్ష్యాల గొలుసు పూర్తి చేయాలి, మై లార్డ్. 1984 నాటి శరద్ బిర్దీచంద్ శార్దా తీర్పు అడిగేది అదే. ఇక్కడ ఆ ఆరు గంటలు ఎవరూ చూడలేదు." ఈసారి ఆయన పెన్ను కదిలింది. నాలుగోసారి అనబోయి ఆగా, పాట అయిపోయేది. మేం రెండో స్థానం; తీర్పు పేరా నంబర్ అడిగితే చెప్పలేకపోయా.