ట్రాక్టర్‌ని గుద్దిన బైకు: నడిపినవాడికీ, వెనక కూర్చున్నామెకీ ఒకే కోతా?

కాశీనగర్ కుర్రాడు: పర్లాకిమిడి నుంచి రాత్రి ఇంటికొస్తుంటే, తారు రోడ్డు మీదే ఆపేసిన వడ్ల ట్రాక్టర్‌ని మా తమ్ముడు బైకుతో వెనక నుంచి గుద్దాడు. ట్రాలీకి లైటు లేదు, రిఫ్లెక్టరూ లేదు. బైకు మీద ముగ్గురు: తమ్ముడు, మా ఆవిడ, మా మేనల్లుడు. తమ్ముడికి కాలు, మా ఆవిడకి చెయ్యి విరిగాయి, మేనల్లుడికి ఏం కాలేదు. హెల్మెట్లు ఎవరికీ లేవు. ట్రాక్టర్ ఇన్సూరెన్స్ వాళ్లు "ముగ్గురెక్కారు, ఇద్దరికీ సగమే ఇస్తాం" అంటున్నారు. ఒప్పుకోవాలా?

రాయగడ లారీ: తమ్ముడూ, వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు. మా లైన్లో అందరికీ తెలిసిన సంగతే. సగం ఇస్తామన్నారంటే దండం పెట్టి తీసుకో.

పర్లా ప్లీడరు: తొందరపడి సంతకం పెట్టకండి. ప్రమాదం ఒకటే గానీ క్లెయిములు రెండు, లెక్కలూ రెండు.

మీ తమ్ముడు బండి నడిపారు కాబట్టి ఆయన అజాగ్రత్త ఎంతుంటే అంత ఆయన సొమ్ములో తగ్గుతుంది. ఆయన నష్టం 8 లక్షలని తేలి, ట్రిబ్యునల్ ట్రాక్టర్ వైపు 70, ఆయన వైపు 30 వంతు వేసిందనుకోండి. ఆయనకి 5 లక్షల 60 వేలు వస్తాయి. ఈ 70, 30 నేను ఉదాహరణకి వేసినవే. చట్టంలో అలాంటి పట్టిక లేదు, సాక్ష్యాన్ని బట్టి జడ్జి వేస్తారు. తప్పు మీ తమ్ముడిదని రుజువు చేయాల్సింది ఇన్సూరెన్స్ వాళ్లే.

మీ ఆవిడ హ్యాండిల్ పట్టుకోలేదు కదా? మరిది తప్పు ఆమెకి అంటదు. ఆమె నష్టం 3 లక్షలైతే, తప్పు చేసినవాళ్లు ఇద్దరున్నా మొత్తం ఎవరి దగ్గరైనా అడగొచ్చని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. కాబట్టి 3 లక్షలూ ట్రాక్టర్ కంపెనీనే అడగండి.

రాయగడ లారీ: వెనకోడిదే తప్పంటే కాదంటారేంటమ్మా? చీకట్లో హెడ్‌లైటు పడినంత దూరంలో ఆగగలిగే స్పీడులోనే నడపాలి.

పర్లా ప్లీడరు: ఆ మాట నిజమే, అందుకే 30 అన్నాను. కానీ లైటు లేని ట్రాలీని తారు మీద వదిలేసిపోవడం ఇంకా పెద్ద తప్పు. పోలీసులు గీసిన స్థలం పటంలో ట్రాలీ చక్రాలు తారు మీదున్నాయా, మట్టి అంచున ఉన్నాయా చూడండి. బ్రేకు మరక ఉందా, ఎంత పొడవుందీ కూడా చూడండి. మరక లేదంటే చివరిదాకా కనబడలేదనీ అనొచ్చు, చూడకుండా దూకుడుగా వచ్చాడనీ అనొచ్చు. ట్రాలీ వెనక భాగం ఫొటో ఈరోజే తీయించండి. రేపు ఎవరో ఒకరు ఎర్ర స్టిక్కర్ అంటించేస్తారు.

గుణుపురం సత్యవతి: మా మావయ్యని గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోయింది, నంబరు కూడా తెలీదు. ఇప్పుడు మాకూ ఇలా వంతులు వేస్తారా?

పర్లా ప్లీడరు: మీది వేరే దారండీ. నంబరు తెలియని బండికి వేరే పథకం ఉంది: చనిపోతే 2 లక్షలు, పెద్ద గాయమైతే 50 వేలు. అక్కడ తప్పెవరిదని అడగరు.

కాశీనగర్ కుర్రాడు: మరి ముగ్గురెక్కిన సంగతి? హెల్మెట్?

పర్లా ప్లీడరు: అది నేరమే, జరిమానా కట్టాల్సిందే. కానీ సొమ్ము కోయాలంటే ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదైందనో చూపించాలి. ముగ్గురు ఎక్కిన బైకుని కారు వెనక నుంచి గుద్దిన కేసులో హైకోర్టు 10 శాతం కోసింది. 2020లో సుప్రీంకోర్టు ఆ కోతని కొట్టేసింది. హెల్మెట్‌కీ అదే ప్రశ్న: విరిగింది కాలూ చెయ్యీ అయితే తలకి టోపీ లేదని ఎందుకు కోస్తారు? తలకి దెబ్బ తగిలుంటే నేనింత ధీమాగా చెప్పేదాన్ని కాదు.

రాయగడ లారీ: ఆ కేసులో కారు వెనక నుంచి వచ్చింది, ఇక్కడ బైకే వెళ్లి గుద్దింది. ముగ్గురి బరువుతో బ్రేకు అంత తొందరగా పడుతుందా? ఒక్కడే అయితే ఆగేవాడేమో.

పర్లా ప్లీడరు: మంచి పాయింటే, అవతలి ప్లీడరు కూడా ఇదే అడుగుతాడు. మీ తమ్ముడి వంతు దీనితో పెరగొచ్చు. ముగ్గురవుతారని తెలిసీ ఎక్కారు కాబట్టి ఆవిడకీ కొంత కోయాలని వాదించొచ్చు, 2020 తీర్పు ఆ తలుపు పూర్తిగా మూయలేదు. నేనైతే ఆమెకి కోత ఒప్పుకోను. జడ్జి ఏమంటారో చెప్పలేను.

ఇంకో చిక్కు ఉంది. ట్రాక్టర్ కంపెనీ 3 లక్షలు కట్టాక, అందులో 30 వంతు, అంటే 90 వేలు, బైకు వైపు నుంచి రాబట్టుకోవచ్చు. బైకుకి ఉన్నది ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే వెనక కూర్చున్నవాళ్లకి అది వర్తించదు, ఆ 90 వేలు బండి వాళ్ల నెత్తినే పడతాయి. పాలసీ కాగితం తీసి చూడండి.

కాశీనగర్ కుర్రాడు: థర్డ్ పార్టీయేనండీ. బండి నా పేరు మీదే ఉంది. అంటే మా ఆవిడకి వచ్చిన దాంట్లోంచి నేను తిరిగి కట్టాలా?

రాయగడ లారీ: 😀 ఇంట్లో ముందే చెప్పుకో తమ్ముడూ.

పర్లా ప్లీడరు: ఆ వాటా అడగాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. ఆ భయంతో సగానికి దిగకండి, సగమంటే ఆమెకి లక్షన్నరే. ఇద్దరికీ వేర్వేరు పిటిషన్లు, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయండి. స్థలం పటం కాపీ తెచ్చుకున్నాక ఇక్కడే రాయండి.