సిగరెట్ కంపెనీ రేటుతో హోటల్‌ని కొలవొచ్చా?

కరకట్ట: ఐటీసీ లాంటి, అప్పు లేని సిగరెట్ల కంపెనీ 100 కోట్లు పెట్టి హోటల్ కడుతోంది అనుకోండి. ఏటా 12 కోట్లు, అలా వస్తూనే ఉంటాయి. మార్కెట్ కదిలితే షేరు ఎంత కదులుతుందో చెప్పే బీటా ఈ కంపెనీకి 0.7. రాబోయే డబ్బుకి ఇవాళ్టి విలువ కట్టే డిస్కౌంట్ రేటుకి అదే వాడాలా, లిస్టయిన హోటళ్ల బీటా తీసుకోవాలా? అంకెలు ఊహించినవే. ప్రభుత్వ బాండ్ 7%, బాండ్ కన్నా షేర్లలో అదనంగా ఆశించే మార్కెట్ ప్రీమియం 6% వేసుకున్నాం.

గల్లాపెట్టె: ఇందులో తేల్చడానికి ఏముందండీ? డబ్బు వచ్చేది ఒకే గల్లాలోంచి. వాటాదారులు ఆ కంపెనీ నుంచి ఆశించేది బాండ్ 7%, దానిమీద 6%కి 0.7 రెట్లు, మొత్తం 11.2%. ఏటా వచ్చే 12 కోట్లని దాంతో భాగిస్తే హోటల్ విలువ 107 కోట్లు. కట్టేయొచ్చు.

పాత ఎనలిస్ట్: డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని కాదు, ఎక్కడికి పోతోందని చూడాలి. మాంద్యం వచ్చినా సిగరెట్ మానేవాళ్లు తక్కువ, హోటల్ గదులు మాత్రం ముందే ఖాళీ అవుతాయి. 2020లో చూశాం కదా. కాబట్టి హోటళ్ల బీటాయే తీసుకోవాలి.

గల్లాపెట్టె: సరే, హోటళ్ల సగటు 1.4 అనుకుందాం. 15.4% అవుతుంది. ఆ రేటుకి ఏ హోటలూ లేవదు!

పాత ఎనలిస్ట్: అక్కడే తొందరపడ్డారు. ఆ 1.4లో వాళ్ల అప్పుల రిస్కు కూడా కలిసి ఉంది. ముందు దాన్ని తీసేయాలి:

```
βu = βL / (1 + (1 − t) × D/E)
1.4 / (1 + 0.75 × 0.5) = 1.02
```

ఇక్కడ βL అప్పుతో ఉన్న బీటా, βu అప్పు తీసేశాక వచ్చేది. పన్ను t 25%, వాళ్ల అప్పు D ఈక్విటీ Eలో సగం. మన హోటల్‌కి అప్పు లేదు కాబట్టి 1.02 దగ్గరే ఆగొచ్చు. రేటు 13.1%, విలువ సుమారు 92 కోట్లు. అంటే 8 కోట్లు నష్టం.

తెనాలి మిల్లు: మా బాబాయి రైస్ మిల్లు పక్కనే ఫంక్షన్ హాల్ కట్టాడు. బ్యాంకు 10.5 శాతానికే లోన్ ఇచ్చింది. మరి రిస్కు ఎక్కువైతే బ్యాంకు అంత తక్కువకి ఇస్తుందా?

పాత ఎనలిస్ట్: మిల్లు తాకట్టు పెట్టారా?

తెనాలి మిల్లు: పెట్టాం.

పాత ఎనలిస్ట్: అయితే బ్యాంకు చూసింది మిల్లునే. హాల్ రిస్కు మిల్లు మోస్తోంది, ఆ ఖర్చు వడ్డీలో కనిపించదు.

లాబీలో కాఫీ: నాకు అసలు ఆ 1.4 మీదే అనుమానం. ఇండియన్ హోటల్స్ సొంత హోటళ్లతో పాటు చాలావాటిని మేనేజ్‌మెంట్ కాంట్రాక్టు మీద నడుపుతుంది, గదులు ఖాళీ అయినా ఆ భవనాల భారం దానిది కాదు. చాలెట్ హోటల్స్ సొంతంగా కడుతుంది, పైగా దానికి ఆఫీసుల అద్దె కూడా వస్తుంది. ఈ రెండిటి సగటు ఏ హోటల్‌ది?

పాత ఎనలిస్ట్: మంచి ప్రశ్న. మీరు కడుతున్నారు కాబట్టి సొంత భవనాలున్నవాళ్లకే నేను మొగ్గుతాను. కానీ ఆ అద్దెల వాటాని విడదీయడం కొంత అంచనా పనే. రోజూ పెద్దగా ట్రేడ్ కాని చిన్న షేర్లకి బీటా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది, వాటిని వదిలేస్తా. తర్వాత తిరగేసి చూస్తా: ఈ హోటల్ రాబడి 12%, అది బీటా 0.83కి సరిపోతుంది. అప్పు తీసేశాక హోటళ్ల బీటా అంతకన్నా పైనుందా, కిందా? తేలాల్సింది అదొక్కటే.

లాబీలో కాఫీ: నేను వేసిన లెక్కల్లో రెండేళ్ల వారపు ధరలకి పైన, ఐదేళ్ల నెలవారీ ధరలకి కింద వస్తోంది.

కరకట్ట: ఐటీసీ హోటల్స్ 2025 జనవరిలో విడిగా లిస్టయింది కదా, నేరుగా దాని బీటాయే తీసుకుంటే?

లాబీలో కాఫీ: దానికింకా ఐదేళ్ల ధరలేవండీ?