ఉణ్ణియప్పం పైన నల్లబడుతోంది, లోపల బంకగానే ఉంటోంది

మల్లేశ్వరం సుధ:
కేరళవాళ్ల తీపి ఉణ్ణియప్పాల కోసం రెండు గ్లాసుల పచ్చిబియ్యం నానబెట్టి రుబ్బి, ఒకటిన్నర గ్లాసుల బెల్లం కరిగించి వడగట్టి, ఆరు ఏలక్కి అరటిపండ్లు మెదిపి కలిపాను. పైన త్వరగా నల్లబడుతున్నాయి గానీ లోపల బంకగా ఉంటున్నాయి, డబ్బాలో పెట్టిన కాసేపటికే కరకర పోతోంది. ఇనుప గుంతల పెనం కొనడం అవసరమా?

మైలాపూర్ రమణి:
మా ఇంట్లో మిగిలిన దోసెపిండిలోనే బెల్లం కలిపి పొంగనాలు వేస్తాము. అవి దూదిలా ఉంటాయి, ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కాదు.

జయనగర్ శ్రీను:
రమణిగారూ, ఆవిడ అడిగింది దోసెపిండి సంగతి కాదు. సుధగారూ, చిటికెడు వంటసోడా వేయండి, లోపల గుల్లగా వస్తుంది.

వేళచ్చేరి పద్మజ:
సోడా మాట ఎత్తవద్దు! కాస్త ఎక్కువైతే నూనె పీల్చుకుంటుంది, రంగు ఇంకా త్వరగా ముదురుతుంది. ఆవిడ బాధే నల్లబడటం కదా.

జయనగర్ శ్రీను:
చిటికెడు అన్నాను, చెంచాడు అనలేదు. పండగలకు ఆర్డర్ల మీద చేసి ఇచ్చేవాడిని, నాకు తెలియదా?

వైట్‌ఫీల్డ్ లక్ష్మి:
సోడా గొడవ పక్కన పెట్టండి. నేను ఎర్నాకుళంలో కాపురం ఉన్నప్పుడు నేర్చుకున్నది చెబుతాను. రెండు గ్లాసుల బియ్యానికి ఏలక్కి పండ్లు మూడో నాలుగో చాలు. అంతకు మించితే లోపల బంక తప్పదు, తీపి పెరిగి పైభాగం ముందే మాడుతుంది. పిండి మరీ నునుపుగా కాక, వేలికి సన్న రవ్వ తగిలేలా రుబ్బి, పాకం గోరువెచ్చగా అయ్యాక కలిపి, నాలుగైదు గంటలు ఉంచాలి. గరిటెతో ఎత్తి పోస్తే తెగకుండా, నిదానంగా జారాలి. గుంత సగానికి నూనె పోసి కాచి, మంట తగ్గించాకనే ముప్పావు వరకు పిండి పోయండి. అంచు గట్టిపడ్డాక తిప్పి, మధ్యలో పుల్ల గుచ్చి చూడండి. తడిపిండి అంటుకుంటే ఇంకా సన్నమంట మీదే ఉంచాలి. చెంచాడు నూనెతో కాలిస్తే ఏ పెనమైనా ఆ కరకర ఇవ్వదు.

వేళచ్చేరి పద్మజ:
అరటిపండు తగ్గిస్తే అది ఉణ్ణియప్పమే కాదు. కేరళలోని కొట్టారక్కర గణపతి గుడిలో ప్రసాదంగా తిన్నవారికి తెలుస్తుంది.

వైట్‌ఫీల్డ్ లక్ష్మి:
తగ్గించమన్నాను గానీ మానమనలేదమ్మా.

రాజాజీనగర్ విశ్వం:
కొబ్బరిముక్కలు నేతిలో ఎర్రగా వేయించి కలిపితే పంటి కింద కరకర ఎటూ దొరుకుతుంది. ఇంతకీ డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు. వేడిగా మూతపెడితే లోపలి ఆవిరే పైపొరను మెత్తబరుస్తుంది, కాబట్టి జల్లెడ మీద విడివిడిగా ఆరనివ్వండి. అయినా బెల్లానికి గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది, మరునాటికి కరకర ఉండాలని ఆశించవద్దు.

మైలాపూర్ రమణి:
చెన్నై ఉక్కపోతలో మరునాటిదాకా ఎందుకండీ, సాయంత్రానికే మెత్తబడతాయి.

మల్లేశ్వరం సుధ:
ఈసారి నాలుగు పండ్లతో, సన్నమంట మీద చేస్తాను. ఇనుప పెనం గురించి మాత్రం ఎవరూ తేల్చలేదు.

జయనగర్ శ్రీను:
ఇనుపదే కొనండి. సోడా మాత్రం నా మాటే.