అంగం మీద ముత్యాల్లాంటి గింజలు: పులిపిర్లా, మొలస్కమా, మామూలేనా?

బాటసారి: నాకు 24 ఏళ్లు. అంగం ముందు భాగం అంచు చుట్టూ సన్నటి తెల్లటి గింజలు ఉన్నాయి. నొప్పి, దురద లేవు. రెండు నెలల నుంచి పైన వెంట్రుకలుండే చోట కూడా అయిదారు వచ్చాయి. ఇవి పులిపిర్లేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పాతకాపు: వెనిగర్‌లో దూది ముంచి అయిదు నిమిషాలు ఉంచు తమ్ముడూ. తెల్లబడితే పులిపిరే. డాక్టర్లూ ఇదే చేస్తారు.

చర్మవైద్యుడు: ఒకప్పుడు చేసేవాళ్లం, నిజమే. కానీ ఒరుసుకున్న చర్మం, చిన్న వాపు ఉన్న చోటు కూడా తెల్లబడతాయి. ఆ పరీక్షతో లేని జబ్బును తెచ్చిపెట్టుకున్నవాళ్లను చూశాను.

బాటసారి గారూ, మీరు రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా చూస్తున్నారేమో. అంచు దగ్గరివి ఒకటి రెండు మిల్లీమీటర్ల సైజులో, అన్నీ ఒకేలా, పూసలు గుచ్చినట్టు వరుసగా ఉన్నాయా? ఎప్పటి నుంచి?

బాటసారి: అవును, వరుసగానే. బహుశా కాలేజీ రోజుల నుంచీ ఉన్నాయి. అప్పట్లో పట్టించుకోలేదు. పైవాటిలో రెండింటికి మధ్యలో చిన్న గుంట ఉంది. ఆ చోట వారం వారం షేవ్ చేస్తాను.

చర్మవైద్యుడు: అయితే అంచు వరుస మీ శరీర నిర్మాణంలో భాగం అయ్యుండాలి. అది అంటదు, పెరగదు, మందూ అక్కర్లేదు. పులిపిర్లు ఇంత క్రమంగా రావు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, గరుకుగా, పక్కదానితో కలిసిపోతూ వారాల్లో మారుతుంటాయి.

మధ్యలో గుంట ఉన్నవి మాత్రం మొలస్కంలా ఉన్నాయి. అది వైరస్, చర్మం తగిలితే అంటుతుంది. ముందు రేజర్ ఆపండి, బ్లేడు దాన్ని పక్క చర్మానికి పాకిస్తుంది. గిల్లకండి. ఒకసారి చూపించుకుంటే, చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మటోస్కోప్ కింద నిమిషంలో తేలుతుంది.

వెన్నెల: ఆడవాళ్లకూ ఇలాంటి మామూలు గింజలు ఉంటాయని ఎవరూ చెప్పరు. నాకు యోని ద్వారం దగ్గర రెండు వైపులా ఒకేలా ఉన్నవాటిని ఒక క్లినిక్‌లో పులిపిర్లని మందు పూసి కాల్చారు. పుండు పడింది. తర్వాత ఇంకో డాక్టరు, ప్రతి గింజకూ మొదలు విడిగా ఉందని చూపించి, ఇవి పులిపిర్లే కావన్నారు.

పాతకాపు: సరే, వెనిగర్ వద్దు. కాళ్ల పులిపిర్లకు రాసే మందు ఉంది కదా, మొలస్కానికి అది చాలదా?

చర్మవైద్యుడు: అక్కడి చర్మం పలుచన, కాలిపోతుంది. మొలస్కం చాలామందిలో ఏడాది లోపే తనంతట పోతుంది, కొందరికి ఇంకా ఆలస్యం. అయినా పెద్దవాళ్లలో, ఆ చోట ఉంటే నేను తీసేస్తాను, భాగస్వామికి అంటకుండా.

వెన్నెల: నా డాక్టరు ఇందుకు ఒప్పుకోరు. గీకితే మచ్చ మిగులుతుంది, వదిలేయమంటారు.

చర్మవైద్యుడు: మచ్చ పడొచ్చు, ఆ మాట కాదనను. అయిదారే ఉన్నప్పుడు నాకు తీయడమే నయమనిపిస్తుంది. బాటసారి గారూ, చూపించుకునేటప్పుడు మిగతా సుఖవ్యాధుల పరీక్షలూ అడగండి.

బాటసారి: రేపే వెళ్తాను. అమ్మాయికి ఇప్పుడే చెప్పాలా, తేలాక చెప్పాలా?