బూరుగు దూది పరుపు మీద పసిబిడ్డను పడుకోబెట్టొచ్చా?

హన్మకొండ తమ్ముడు
అక్కకు ఆపరేషన్ చేసి డెలివరీ చేశారు. ఎల్లుండి ఇంటికి తీసుకొస్తున్నాం. బాబు నెలలు నిండాకే పుట్టాడు, 2.9 కిలోలు. అమ్మ వాడి కోసం బూరుగు దూదితో కొత్త పరుపు కుట్టించింది. అటూ ఇటూ పెట్టడానికి రెండు చిన్న దిండ్లు, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు, చలికి రెండు బొంతలు కూడా రెడీగా ఉన్నాయి. నిన్న దవాఖానలో సిస్టర్ "మెత్తటి పరుపు వద్దు, దిండ్లు అసలే వద్దు" అని ఒక్క మాట అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మేమో "గట్టిదాని మీద పడుకోబెడితే పసిగుడ్డుకు ఒళ్ళు నొయ్యదా" అంటోంది. ఇంట్లో టెన్షన్ మొదలైంది. ఎవరి మాట వినాలి?

పరకాల పెద్దాయన
మా ఇంట్లో ఏడుగురు పిల్లలూ దూది పరుపుల మీదే పెరిగారు తమ్మీ. అందరూ బాగానే ఉన్నారు. ఇప్పటి దవాఖానలు ప్రతిదానికీ భయపెడతాయి.

కాజీపేట సిస్టర్
పెద్దాయనా, చాలామంది పిల్లలకు ఏమీ కాదు, నిజమే. ఏ పిల్లకు అవుతుందో ముందే తెలియదు, ఇబ్బందంతా అదే. నేను పసిపిల్లల వార్డులో చాలా ఏళ్ళు పనిచేశాను.

పసిపిల్లకు ఒంటితో పోలిస్తే తల బరువు. దూది పరుపు మీద ఆ తల కిందికి దిగి చిన్న గుంట పడుతుంది. పిల్ల మొహం పక్కకు తిప్పితే ముక్కు గుంట అంచుకు ఆనుతుంది. వదిలిన గాలి అక్కడే నిలిచి, మళ్ళీ దాన్నే పీల్చుకుంటుంది. మనమైతే ఊపిరాడక లేచి కూర్చుంటాం. కొన్ని నెలల పిల్ల ఒక్కోసారి మేలుకోదు, మేలుకున్నా మెడ తిప్పే బలం ఉండదు. చప్పుడు కూడా ఉండదు. నిద్రలో పిల్లలు హఠాత్తుగా పోవడం రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువ. ఆరు నెలలు దాటాక బాగా తగ్గుతుంది.

పరుపు నడుమ అరచేయి పెట్టి గట్టిగా నొక్కి తీసెయ్. చేయి అచ్చు అలాగే ఉండిపోతే అది పనికిరాదు. వాడుతూ ఉంటే దూది ఒకచోట అణిగి, ఒకచోట ఉండకడుతుంది కాబట్టి ఇవాళ గట్టిగా ఉన్నా వచ్చే నెల అలా ఉండదు. ఏ పరుపైనా సరే, పొద్దున పిల్లను ఎత్తుకున్నాక తల పెట్టిన చోట చూడండి. గిన్నెలా లోతు కనిపిస్తే మార్చేయండి. ఒళ్ళు నొప్పి సంగతంటారా, మూడు కిలోల పిల్లకు గట్టి పరుపు మీద ఏ నొప్పీ ఉండదు.

నర్సంపేట నాన్న
మంచి టాపిక్. మా ఆవిడకు డెలివరీ అయ్యాక నడుము నొప్పి తగ్గడం లేదు. ఎన్ని అంగుళాల పరుపు కొంటే మంచిది?

మిల్స్ కాలనీ అమ్మ
అన్నా, ఇది పసిపిల్లల పరుపు గురించి :) మీది వేరే పోస్టు పెట్టండి.

తమ్ముడూ, మేము కొత్తగా ఏమీ కొనలేదు. ఇంట్లో కొత్తవాడ జంపఖానాలు రెండు ఉన్నాయి. చాప మీద వాటిని మడతలు పెట్టి పరిచి, పైన ఒక కాటన్ దుప్పటి బిగుతుగా లాగి అంచులు నాలుగు వైపులా కిందికి దోపాం. చేత్తో లాగినా ముడత రాకూడదు. తడి దిగకుండా రబ్బరు షీటు దుప్పటి కిందే వేశాం. పిల్ల అక్కడే వెల్లకిలా పడుకునేది, పక్కన విడిగా నా పక్క.

హన్మకొండ తమ్ముడు
థాంక్స్ అక్కా. కుట్లు ఉన్నాయి కదా, మా అక్క రాత్రంతా కిందికి వంగి లేవలేదు. గది 10 బై 12, అందులో ఆమె మంచం, ఒక బీరువా. వాడిని ఆమె పక్కనే పడుకోబెడితే?

కాజీపేట సిస్టర్
ఒకే గది, వేరే పక్క. కనీసం ఆరు నెలలు అలాగే ఉంచండి. ఒకే మంచం మాత్రం వద్దు. ఆపరేషన్ అయ్యాక నొప్పి మందులతో నిద్ర మొద్దుగా పడుతుంది. మంచాన్ని గోడకు జరిపితే సందులో పిల్ల ఇరుక్కోవచ్చు కూడా.

చిన్న చెక్క మంచం ఎవరి దగ్గరైనా దొరికితే అక్క మంచం పక్కన, ఆమె చేయి చాపితే అందేలా వేయండి. దానికి సరిగ్గా పట్టే గట్టి కొబ్బరి పీచు పరుపు కోయించండి. పరుపుకు, అంచుకు మధ్య రెండు వేళ్ళకు మించి దూరకూడదు. పక్క చువ్వల మధ్య ఖాళీ ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. దోమతెర పైనుంచి కట్టి బిగుతుగా దోపండి, మొహం మీద వేలాడకుండా. లోపల పిల్ల తప్ప ఇంకేమీ వద్దు. రాత్రి పాలివ్వడం మంచం మీదే కానివ్వండి, సోఫాలో కాదు. ఇస్తూ కునుకు పడితే సోఫా ఇంకా ప్రమాదం. మెలకువ రాగానే వాడిని వాడి మంచంలో పెట్టేయాలి.

కరీంనగర్ కోడలు
ఇదంతా కరెక్టే. కానీ పాలు కక్కే పిల్లలకు పరుపు కింద తల వైపు మడత పెట్టిన తువ్వాలు పెట్టాలి. వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయి కదా.

కాజీపేట సిస్టర్
పాలు తాగాక కాసేపు భుజాన వేసుకోవాలంటే ఒప్పుకుంటాను, తువ్వాలు మాత్రం వద్దు. వాలుగా ఉంటే పిల్ల కిందికి జారుతుంది, గడ్డం ఛాతీకి ఆనుకుని శ్వాస దారి మూసుకుంటుంది. వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు గాలి గొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా పడుకోబెడితేనే అది తేలిక.

ఆదిలాబాద్ అక్క
బొంతలు లేకుండా చలికాలం ఎలా? మా వైపు జనవరిలో రాత్రి పది డిగ్రీల లోపుకు వస్తుంది. మేము టోపీ, సాక్సు, పైన చెద్దరు అన్నీ వేస్తాం. గదిలో కుంపటి కూడా.

కాజీపేట సిస్టర్
కుంపటి మాత్రం వెంటనే ఆపండి అక్కా. తలుపులు మూసిన గదిలో బొగ్గుల విషవాయువుకు వాసన కూడా ఉండదు. తల్లీపిల్లా ఇద్దరికీ ప్రమాదమే.

వెచ్చదనం ఒంటి మీది బట్టలతో రావాలి. మనం వేసుకున్నదానికంటే పిల్లకు ఒక పొర ఎక్కువ చాలు. వదులు చెద్దరు కాళ్ళతో తన్నుకుంటే మొహం మీదికి వస్తుంది. మీ వేళ్ళ వెనక వైపుతో పొట్ట, పాదాలు తాకి చూడండి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే ఇంకో పొర వేయండి. మెడ వెనక చెమట పడితే ఒకటి తీసేయండి.

కరీంనగర్ కోడలు
మా డాక్టరు పాదాలు చల్లగా ఉన్నా పరవాలేదు, ఛాతీ చూడండి అన్నారు. నిద్రలో టోపీ కూడా వద్దన్నారు.

కాజీపేట సిస్టర్
టోపీ మీద మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. మొదటి రోజుల్లో, అందులోనూ బరువు తక్కువ పిల్లలకు, మా వార్డులో వేస్తాం. వెచ్చటి గదిలో నిద్రపోయే నెలలు నిండిన పిల్లకు తీసేయమనే డాక్టర్లే ఎక్కువ. మీ పిల్లను చూసిన వాళ్ళ మాట వినండి.

పరకాల పెద్దాయన
మరి చీర ఉయ్యాల కూడా వద్దంటారా? అర్ధరాత్రి ఏడిస్తే ఇంకేం చేస్తారు?

కాజీపేట సిస్టర్
మేలుకుని ఉన్నప్పుడు, పక్కన మనిషి ఉంటే ఊపుకోండి. చీరలో వీపు వంగి గడ్డం కిందికి వస్తుంది కాబట్టి నిద్రపోయాక ఎత్తి మంచంలో వేయాలి.

పరకాల పెద్దాయన
ఎత్తగానే మళ్ళీ లేస్తాడమ్మా! మీరు ఎప్పుడైనా ఎత్తి చూశారా?

మిల్స్ కాలనీ అమ్మ
హహ, ఈ ఒక్క విషయంలో నేను పెద్దాయన పార్టీ.

హన్మకొండ తమ్ముడు
పక్కింటి వాళ్ళ చెక్క మంచం దొరికింది. చువ్వల సందు కొలిస్తే ఐదున్నర సెంటీమీటర్లు. కొలత తీసుకుని పీచు పరుపు కోయించడానికి ఇచ్చాం, రేపు ఇస్తారట. దూది పరుపు మీద అమ్మే అరచేత్తో నొక్కి, అచ్చు చూసి, ఏమీ అనకుండా బీరువా మీద పెట్టేసింది. ఆవాల దిండు మాత్రం వదలడం లేదు, తల చప్పిడి అవుతుందట. దానికేం చెప్పాలి?

కాజీపేట సిస్టర్
ఒకరోజు తల మంచానికి ఈ వైపు, మర్నాడు ఆ వైపు పెట్టి పడుకోబెట్టండి. పిల్ల తల్లి వైపే చూస్తుంది కాబట్టి తల ఒకే పక్క ఆనదు. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళ ముందు కాసేపు బోర్లా వేయండి. ఆవాల దిండు మూటలో పెట్టేయండి, కుట్టు ఊడితే ఆ గింజలు ముక్కులోకో నోట్లోకో పోతాయి.