ఇంటర్‌కామ్ మాట్లాడుతుంటే మ్యాప్ వాయిస్ రావట్లేదు, చివరి బండి మధ్యలో కట్ అవుతోంది

నలుగురం హెల్మెట్ బ్లూటూత్ ఇంటర్‌కామ్‌లు పెట్టుకుని రైడ్‌కి వెళ్తున్నాం. మావి మెష్ ఉన్నవి కావు, ఒకటి పక్కన ఒకటి గొలుసులా పెయిర్ చేసే రకం. నేను ముందుంటాను, ఫోన్‌లో నావిగేషన్ నాదే.

మొన్న ఘాట్ రోడ్డులో పెయిరింగ్ వరసలో మూడోదైన బండి మలుపు వెనకే ఉండిపోయింది. వెంటనే నాలుగో అతను కూడా మాకు వినపడడం ఆగిపోయాడు, అతని బండి నాకు అద్దంలో కనిపిస్తూనే ఉన్నా! గొలుసులో మధ్య లింకు తెగితే అంతేనని ఇప్పుడు అర్థమైంది. డబ్బా మీద రాసిన రేంజ్ అడ్డం లేని తిన్నటి రోడ్డుకే అనుకుంటా. పెయిర్ చేసిన వరసలోనే బండ్లు నడిపితే సరిపోతుందా, లేక నలుగురం మెష్‌కి మారాల్సిందేనా?

రెండోది, ఇంటర్‌కామ్ ఆన్‌లో ఉంటే మ్యాప్ వాయిస్ అసలు వినపడదు. ఆపగానే మామూలుగా వస్తుంది, పాటలూ వస్తాయి, అంటే ఫోన్ పెయిరింగ్ బాగానే ఉన్నట్టే కదా. గూగుల్ మ్యాప్స్‌లో Play voice over Bluetooth ఆన్‌లోనే ఉంది. ఇంటర్‌కామ్ నడుస్తుండగానే మ్యాప్ వాయిస్ కూడా కలిసి వినపడడానికి ఏదైనా సెట్టింగ్ ఉంటుందా, లేక అది పరికరంలోనే ఉండాలా? ఇలాంటి గొలుసు రకం వాడినవాళ్లు చెప్పండి. ప్రస్తుతానికి మలుపు వచ్చిన ప్రతిసారీ ఇంటర్‌కామ్ ఆపుతున్నాను, గ్లోవ్స్‌తో ఆ చిన్న బటన్ వెతకడం పెద్ద టెన్షన్.