పోర్ట్ పూర్తయింది, కొత్త సిమ్‌లో మాత్రం No service. ఎక్కడ చూడాలి?

గుంతకల్లు77:
నాదీ అమ్మదీ రెండు నంబర్లూ వేరే కంపెనీకి పోర్ట్ పెట్టాం. నిన్న రాత్రి నా పాత సిమ్‌కి సిగ్నల్ పోయింది. పొద్దున కొత్త సిమ్ వేస్తే No service అని వచ్చింది, కాసేపటికి SIM not provisioned MM#2 అని కూడా చూపించింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండయింది, అలాగే ఉంది. రెండో స్లాట్‌లో ఉన్న వేరే సిమ్ బాగానే పనిచేస్తోంది. షాపతను ఇంకో రోజు ఆగమంటున్నాడు. బ్యాంకు ఓటీపీలన్నీ ఈ నంబరుకే వస్తాయి. ఏం చేయాలి?

రాజోలు_గోదారి:
ఏపీఎన్ తప్పుంటాదండి. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌కి వెళ్లి ఏపీఎన్ రీసెట్ కొట్టండి, రీస్టార్ట్ చేయండి. కొత్త సిమ్ వేసిన ప్రతిసారీ నేను చేసేది ఇదే. అప్పటికీ రాకపోతే టెలీ వెరిఫికేషన్ నంబరుకి ఫోన్ చేయండి.

టవర్_కింద:
రాజోలు గారూ, రీస్టార్ట్ మాట కరెక్టే, ఏపీఎన్ సంగతి వేరు. ఏపీఎన్ ప్రధానంగా ఇంటర్నెట్ కోసం. బార్లు కనిపిస్తూ డేటా రాకపోతే అది చూడాలి. టెలీ వెరిఫికేషన్ కూడా అంతే. కొత్త సిమ్ నుంచి ఆ కాల్ చేయాలంటే ముందు సిగ్నల్ ఉండాలి కదా. ఈయనకి అదే లేదు.

గుంతకల్లు గారూ, మీ స్క్రీన్ మీద కనిపించిన MM#2 చాలా విషయం చెబుతోంది. మీ ఫోన్‌కి టవర్ దొరికింది, లోపలికి రానివ్వమని అడిగింది. కంపెనీ డేటాబేస్ మాత్రం ఈ సిమ్ తనకు తెలియదంది. అంటే యాంటెన్నా, ట్రే, బ్యాండ్ అన్నీ బాగానే ఉన్నట్టు. సిమ్ ఇంకా యాక్టివేట్ కాలేదు, లేదా మీ నంబరు ఈ సిమ్‌కి ఎక్కలేదు.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఈ జవాబు రాగానే ఫోన్ ఆ సిమ్‌ని చెల్లనిదిగా గుర్తు పెట్టుకుంటుంది. స్విచాఫ్ చేసేదాకానో సిమ్ బయటికి తీసేదాకానో చాలా ఫోన్లు మళ్లీ అడగవు. ఆ తర్వాత గంటకే కంపెనీ వాళ్లు యాక్టివేట్ చేసినా, ఆన్‌లోనే ఉన్న మీ ఫోన్ సాయంత్రం దాకా No service చూపిస్తూ కూర్చోవచ్చు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి తీయడం దీనికి నమ్మదగ్గ మందు కాదు. ఫోన్ పూర్తిగా ఆఫ్ చేసి, సిమ్ తీసి, అర నిమిషం ఆగి, మళ్లీ వేసి ఆన్ చేయండి. మూడు నిమిషాలు ఆగి చూడండి. నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్‌లో ఉందో లేదో కూడా చూడండి. మునుపెప్పుడైనా పాత కంపెనీ పేరు చేత్తో ఎంచి ఉంటే ఫోన్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది.

వరంగల్_రిపేర్_కౌంటర్:
అన్న చెప్పింది కరెక్టే, కానీ ఐఎంఈఐ చూడకుండ వదలొద్దు. *#06# కొట్టు. రెండు స్లాట్లకి రెండు ఐఎంఈఐలు ఉంటయి. సాఫ్ట్‌వేర్ తప్పుగ ఎక్కించిన ఫోన్లల్ల ఒకటి మంచిగుండి ఇంకోటి సున్నాలు చూపెడ్తది, ఆ స్లాట్ల ఏ సిమ్ వేసినా రిజిస్టర్ కాదు. సెకండ్ హ్యాండ్ ఫోన్ అయితే KYM అని రాసి, ఖాళీ ఇచ్చి, 15 అంకెల ఐఎంఈఐ పెట్టి 14422కి మెసేజ్ చెయ్. బ్లాక్‌లిస్ట్ అని వస్తే పోయిన ఫోనని ఎవరో కంప్లైంట్ ఇచ్చిన్రన్నట్టు. దాంట్ల మన దేశంల ఏ సిమ్ వేసినా నడువది.

టవర్_కింద:
మంచి మాట. కాకపోతే ఫోన్‌నే తిరస్కరిస్తే సాధారణంగా MM#6 వస్తుంది, ఈయనకి వచ్చింది 2. సందేహం తీరాలంటే ఆ సిమ్‌ని ఇంకో ఫోన్‌లో వేస్తే చాలు.

ఫ్రిస్కో_తెలుగు:
నాదీ ఇదే సమస్య. ఇక్కడ కాంట్రాక్టులో కొన్న ఐఫోన్ మా నాన్నకి పంపాను. ఒంగోలులో ఏ సిమ్ వేసినా SIM Not Supported అంటోంది. పోర్ట్ కూడా చేయలేదే!

టవర్_కింద:
మీది వేరే సమస్యండి, అది లాక్. Settings లో General, అందులో About తెరిచి Carrier Lock దగ్గర చూడమనండి. No SIM restrictions అని లేకపోతే ఫోన్ అమ్మిన అమెరికా కంపెనీయే తీయాలి. ఒంగోలులో సిమ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

నల్లగొండ_బీఎస్సీ:
MM లాంటి కోడ్ ఏదీ రాకుండా ఉత్త No service ఉన్నవాళ్లు ఏం చేయాలి? మా తాతయ్య ఫోన్ పాతది.

టవర్_కింద:
అప్పుడు ఫోన్ ఆ కంపెనీ బ్యాండ్లని పట్టగలదో లేదో చూడాలి. జియోకి 2జీ, 3జీ లేవు. ఫోన్‌లో నెట్‌వర్క్ రకం 3జీ మీద ఉంటే సిగ్నల్ రానే రాదు. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది. పాత ఫోన్లు చాలావాటికి 700, అంటే బ్యాండ్ 28, లేదు. ఊళ్లో ఆ బ్యాండే దిక్కైతే 4జీ కనిపించదు. మోడల్ నంబరుతో బ్యాండ్ల పట్టిక వెతికి చూడండి.

గుంతకల్లు77:
ఆఫ్ చేసి, సిమ్ తీసి, మళ్లీ వేశాను. మార్పు లేదు. నెట్‌వర్క్ ఆటోమేటిక్‌లోనే ఉంది. ఐఎంఈఐలు రెండూ బాగున్నాయి. పక్కింటి వాళ్ల ఫోన్‌లో వేసినా No service.

టవర్_కింద:
అయితే మీ ఫోన్ తప్పేం లేదు. పోర్ట్ మారే సమయంలో నంబరు నాలుగు గంటల దాకా ఆగిపోవడం మామూలే. పాత సిమ్ రాత్రే పోయింది కాబట్టి, మీ నంబరు ఈపాటికి ఏదో ఒక కొత్త సిమ్ మీద బతికే ఉండాలి. అది మీ చేతిలో ఉన్న సిమ్మేనా అన్నది నా అనుమానం.

రెండు నంబర్లూ పోర్ట్ పెట్టామన్నారు. సిమ్ వెనక, అది ఉన్న ప్లాస్టిక్ కార్డు మీద 8991తో మొదలయ్యే పొడవాటి నంబరు ఉంటుంది. మీ నంబరుకి ఏ సిమ్ కేటాయించారో దరఖాస్తు కాపీలో గానీ మెసేజ్‌లో గానీ దొరుకుతుంది. చివరి ఐదారు అంకెలు పోల్చండి. కాపీ లేకపోతే షాపతన్ని యాప్‌లో చూసి చెప్పమనండి. అమ్మగారి కొత్త సిమ్ ఫోన్‌లో వేశారా?

గుంతకల్లు77:
లేదు. అమ్మ పాత సిమ్ ఇంకా పనిచేస్తోంది కాబట్టి కొత్తది ప్యాకెట్లోనే ఉంది. షాపతనికి ఫోన్ చేసి అంకెలు చదివించాను. నా నంబరుకి చెప్పిన అంకెలు అమ్మ ప్యాకెట్ మీద ఉన్నాయి! ఆ సిమ్ వేసి ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో బార్లు వచ్చాయి. పక్కింటి ఫోన్ నుంచి నా నంబరుకి చేస్తే మోగింది.

టవర్_కింద:
రెండు ప్యాకెట్లు తారుమారయ్యాయి. ఇంతసేపూ మీరు వేసింది అమ్మగారి సిమ్. ఆమె పోర్ట్ ఇంకా పూర్తికాలేదు కాబట్టే డేటాబేస్ తెలియదంది. ప్యాకెట్ల మీద పేర్లు రాసి పెట్టండి. యూపీఐ యాప్‌లు సిమ్ మారిందని గమనించి మళ్లీ నంబరు ధ్రువీకరించమంటాయి. ఆ మెసేజ్ ఈ సిమ్ నుంచే వెళ్లాలి కాబట్టి ముందు రీచార్జ్ యాక్టివ్‌గా ఉందో చూసుకోండి.

గుంతకల్లు77:
చాలా థ్యాంక్సండి. మరి అమ్మది ఎందుకు ఆగింది? ఇద్దరివీ ఒకే రోజు ఇచ్చాం.

వరంగల్_రిపేర్_కౌంటర్:
ఆమె సిమ్ ఈ మధ్య పోయి డూప్లికేట్ తీస్కున్నదా? ఏడు రోజులు కాకుంటే పోర్ట్ కాదు.

టవర్_కింద:
అలాగైతే పోర్ట్ కోడే వచ్చేది కాదు కదా. వచ్చిందంటే కారణం వేరే ఉండాలి. ఆ కోడ్ మన దగ్గర నాలుగు రోజులే చెల్లుతుంది. షాపతను దరఖాస్తు ఆలస్యంగా ఎక్కించి ఉండొచ్చు, కోడ్ అంకెలు తప్పుగా కొట్టి ఉండొచ్చు. తిరస్కరిస్తే కారణంతో మెసేజ్ రావాలి. అమ్మగారి ఫోన్‌లో పోర్ట్ కోడ్ వచ్చిన మెసేజ్ తేదీ ఏమిటి?

గుంతకల్లు77:
కోడ్ మెసేజ్ ఉంది, అది వచ్చి మూడు రోజులైంది. తిరస్కరించినట్టు ఏమీ రాలేదు. దరఖాస్తు స్థితి చూడమని షాపతన్ని అడిగాను, యాప్‌లో పెండింగ్ అని మాత్రమే ఉందట.